10-ఫ్రీ అని రాసిన జెల్ పాలిష్, అసిటోన్ లేని రిమూవర్‌తో రావట్లేదు. ఎందుకు?

శ్రావ్య_బెజవాడ
ఆన్‌లైన్‌లో తెప్పించిన జెల్ పాలిష్ ఇది. సీసా మీద పెద్దక్షరాల్లో 10-ఫ్రీ అని ఉంది. వెనకాల ఆ పది పేర్లూ వరుసగా ఇచ్చాడు: టోలీన్, ఫార్మాల్డిహైడ్, డీబీపీ, కర్పూరం, పారాబెన్లు... చివర్లో అసిటోన్ కూడా ఉంది. అసిటోన్ ఫ్రీ అన్నాడు కాబట్టి అసిటోన్ లేని గులాబీ రంగు రిమూవర్‌తో పోతుందనుకున్నా. ఎంత రుద్దినా దూది తెల్లగానే ఉంటోంది. చిటికెన వేలి మీద అంచు లేచింది, పట్టుకుని లాగేద్దామా అనిపిస్తోంది. దీన్ని దేనితో తీయాలి? అసలు ఈ 3-ఫ్రీ, 5-ఫ్రీ, 10-ఫ్రీలకి అర్థం ఏమైనా ఉందా, లేక సంఖ్య పెంచుకుంటూ పోవడమేనా?

మిసెస్_గుంటూరు
శ్రావ్యా, సంఖ్య ఎంత ఎక్కువుంటే అంత మంచిదమ్మా. 3-ఫ్రీలో మూడు విషాలు తీసేస్తారు, 10-ఫ్రీలో పది తీసేస్తారు. వాసన చూసినా తెలిసిపోతుంది, ఘాటు లేకపోతే అది మంచి పాలిష్. జెల్ అంటావా, అది ల్యాంప్ వేడికి గట్టిపడుతుంది, అందుకే మొండిగా ఉంటుంది. వేడి నీళ్లలో పావుగంట చేతులు నానబెట్టు, మెత్తబడి వచ్చేస్తుంది.

పార్లర్_పద్మ
శ్రావ్య గారూ, ముందు ఆ చిటికెన వేలిని వదిలేయండి. లేచిన అంచు పట్టుకుని లాగితే జెల్ ఒక్కటే రాదు, గోరు పైపొర కూడా దాంతోపాటే లేచొస్తుంది. మిగతా వేళ్లకి తీసేదాకా ఆ అంచు దేనికీ తగులుకోకుండా ఫైల్‌తో నున్నగా చేసి ఉంచండి. తీసే పద్ధతి సాయంత్రం తీరిగ్గా రాస్తాను.

వేడి నీళ్లు మాత్రం వద్దండీ. నీళ్లకి గోరు ఉబ్బి మెత్తబడుతుంది గానీ జెల్ మెత్తబడదు. మెత్తగా ఉన్న గోరు మీద గట్టి జెల్‌ని గీకితే పాడయ్యేది గోరే.

రసాయనం_రావు
ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. సీసా మీద "అసిటోన్ ఫ్రీ" అంటే పాలిష్ తయారీలో అసిటోన్ కలపలేదని. రిమూవర్ సీసా మీద "అసిటోన్ ఫ్రీ" అంటే ఆ రిమూవర్‌లో అసిటోన్ బదులు వేరే ద్రావకం, ఎక్కువగా ఈథైల్ అసిటేట్, ఉందని. మొదటిదానికీ రెండోదానికీ ఏ సంబంధం లేదు. పాలిష్‌లో ఏం లేదో చెప్పే లేబుల్, ఆ పాలిష్ దేనితో పోతుందో చెప్పదు.

పోవడం, పోకపోవడం అనేది రంగు గోరు మీద ఎలా గట్టిపడింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మామూలు పాలిష్‌లో నైట్రోసెల్యులోజ్ అనే పొర పదార్థం ద్రావకంలో కరిగి ఉంటుంది. గోటికి వేశాక ద్రావకం ఆవిరైపోతుంది, పొర మిగులుతుంది. అక్కడ రసాయన మార్పేమీ జరగలేదు. మళ్లీ ద్రావకం తగిలిస్తే మళ్లీ కరుగుతుంది. అందుకే ఈథైల్ అసిటేట్‌కీ పోతుంది, అసిటోన్‌కైతే ఇంకా త్వరగా పోతుంది.

జెల్‌లో ఆవిరైపోవడం కాదు జరిగేది. మెథాక్రిలేట్, అక్రిలేట్ అణువులు ల్యాంప్ వెలుతురికి ఒకదానికొకటి ముడిపడి వలలా అయిపోతాయి. మిసెస్ గుంటూరు గారూ, గట్టిపరిచేది వేడి కాదండీ, వెలుతురు. ల్యాంప్ కింద వేలికి చురుక్కుమనే వేడి ఆ చర్య వల్ల పుట్టేది. ఒకసారి వల అల్లుకున్నాక ఏ ద్రావకమూ దాన్ని కరిగించలేదు. అసిటోన్ కూడా కరిగించదు. వలలోకి చొరబడి ఉబ్బిస్తుంది, ఉబ్బిన పొర గోరు మీద పట్టు వదులుతుంది. రుద్దితే దూదికి రంగు అంటకపోవడానికి కారణం అదే. జెల్‌ని రుద్ది తీయలేం, నానబెట్టి తీయాలి.

గోరింటాకు_గౌరి
ఇన్ని రసాయనాలు ఎందుకండీ? ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటే నెల రోజులు ఎర్రగా ఉంటాయి గోళ్లు. త్రీ ఫ్రీ, ఫైవ్ ఫ్రీ కాదు, అన్నీ ఫ్రీ.

పార్లర్_పద్మ
గౌరి గారూ, గోరింటాకు మంచిదే. అయితే ఆవిడ అడిగింది ఉన్న జెల్ తీయడం గురించి. ఒక్క మాట మాత్రం, బజారులో పది నిమిషాల్లో నల్లగా పండే కోన్లకి గోరింటాకు పేరు ఇవ్వకండి. వాటిలో జుట్టు రంగులో వాడే పీపీడీ కలుపుతారు, చేతులు బొబ్బలెక్కిన కేసులు పార్లర్లలో అందరికీ తెలుసు.

తేజ_డల్లాస్
లేబుల్ ప్రశ్నకి నా వైపు నుంచి. 2012లో కాలిఫోర్నియా రాష్ట్ర విష పదార్థాల నియంత్రణ శాఖ సెలూన్లకి సరఫరా అయ్యే 25 రకాల పాలిష్ ఉత్పత్తులు తీసుకుని పరీక్ష చేయించింది. టోలీన్ లేదని చెప్పుకున్నవి 12 ఉంటే 10లో టోలీన్ దొరికింది. టోలీన్, ఫార్మాల్డిహైడ్, డీబీపీ మూడూ లేవన్న 7లో 5లో ఏదో ఒకటి గణనీయంగానే ఉంది. కాబట్టి లేబుల్ అంటే కంపెనీ ఇచ్చిన మాట, అంతే. ఎవరో తనిఖీ చేసి వేసిన ముద్ర కాదు.

మిసెస్_గుంటూరు
అయితే అన్నీ మోసమేనా? మరి 3-ఫ్రీ కొనడం దేనికి?

రసాయనం_రావు
అన్నీ మోసం అనక్కర్లేదు. ఆ పరీక్ష పాతది, పైగా అవి ఎక్కువగా చిన్న పంపిణీదారుల సరుకు. సంఖ్యల్లో దేనికి ఎంత విలువ ఇవ్వొచ్చో విడివిడిగా చూద్దాం.

3-ఫ్రీ అంటే ఎక్కడైనా ఒకటే అర్థం: టోలీన్, ఫార్మాల్డిహైడ్, డీబీపీ లేవని. టోలీన్ ద్రావకం. తలనొప్పి, కళ్లు తిరగడం దాని పనే. రోజంతా మూసిన గదిలో కూర్చునే పార్లర్ పనివాళ్లకి అది ముఖ్యం, నెలకోసారి ఇంట్లో వేసుకునేవాళ్లకి అంత కాదు. డీబీపీ పొర విరిగిపోకుండా వంగేలా చేసే పదార్థం. సంతానోత్పత్తికి హాని చేస్తుందని యూరప్‌లో 2004లోనే సౌందర్య సాధనాల్లో నిషేధించారు. 2006 ప్రాంతంలో పెద్ద అమెరికన్ కంపెనీలు కూడా తీసేశాయి. ఫార్మాల్డిహైడ్ మామూలు రంగు పాలిష్‌లలో కన్నా గోళ్లు గట్టిపరిచే హార్డెనర్లలో ఎక్కువ. కాబట్టి ఈ లేబుల్ వెతకాల్సింది అక్కడ, కానీ అక్కడ చూసేవాళ్లు తక్కువ.

5-ఫ్రీలో ఇంకో రెండు చేరతాయి: ఫార్మాల్డిహైడ్ రెసిన్, కర్పూరం. రెసిన్ అనేది ఫార్మాల్డిహైడ్ కాదు, దానితో తయారైన జిగురు పదార్థం. పాలిష్ మెరిసేలా, గోటికి పట్టుకునేలా చేస్తుంది. కొందరికి ఇది పడదు. విచిత్రమేమిటంటే దద్దురు వేళ్ల మీద కాదు, చేతులు తరచూ తగిలే కనురెప్పల మీద, మెడ మీద వస్తుంది. ఎందుకొచ్చిందో తెలియక ముఖానికి రాసే క్రీములన్నీ మార్చేస్తుంటారు. అలాంటివాళ్లకి 5-ఫ్రీ నిజంగా పనికొచ్చే లేబుల్.

ఐదు దాటాక ఉమ్మడి జాబితా లేదు. ఒక కంపెనీ 8-ఫ్రీలో ఉన్నది ఇంకో కంపెనీ 10-ఫ్రీలో ఉండకపోవచ్చు. సంఖ్య పెంచడానికి గోధుమ గ్లూటెన్, జంతు పదార్థాలు, పారాబెన్లు కూడా లేవని జాబితాలో చేరుస్తారు. అసిటేట్ ద్రావకాలున్న పాలిష్‌లో నీళ్లే ఉండవు, కాబట్టి సూక్ష్మజీవులు పెరగకుండా వేసే పారాబెన్లు అందులో మొదట్నుంచీ అవసరమే లేదు. లేనిదాన్ని తీసేశామని లెక్కలో వేసుకోవడమే.

వాసన గురించి కూడా. ఆ ఘాటు ఈథైల్, బ్యూటైల్ అసిటేట్లది. 3-ఫ్రీలోనూ 10-ఫ్రీలోనూ అవే ఉంటాయి. ముక్కుతో టోలీన్ ఉందో లేదో తేల్చలేం.

నిహారిక
రావు గారూ, తీసేసినవాటి బదులు ఏం వేస్తారు? దాని గురించి ఎవరూ రాయరు.

రసాయనం_రావు
అసలు ప్రశ్న అదేనండి. డీబీపీ తీసేస్తే పొర పెళుసుబారుతుంది, కాబట్టి ఇంకో ప్లాస్టిసైజర్ వేయాలి. చాలామంది సిట్రేట్ రకం వాడుతున్నారు, దానిమీద పెద్ద ఫిర్యాదు లేదు. కొందరు ట్రైఫినైల్ ఫాస్ఫేట్ వేశారు. 2015లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పర్యావరణ సంస్థతో కలిసి ఇది వేసుకున్న మహిళల మూత్రం పరీక్షిస్తే, 10 నుంచి 14 గంటల తర్వాత దాని అవశేషం దాదాపు ఏడు రెట్లు పెరిగింది. గోళ్లకి కాకుండా చేతి తొడుగు మీద అతికించిన కృత్రిమ గోళ్లకి వేసినప్పుడు అలా పెరగలేదు. అంటే ముక్కు ద్వారా కాదు, గోరు ద్వారా, చుట్టూ ఉన్న చర్మం ద్వారా వెళ్తోంది. ఇది 3-ఫ్రీ జాబితాలోనూ లేదు, 5-ఫ్రీ జాబితాలోనూ లేదు.

అందుకే ముందువైపు సంఖ్య కన్నా వెనకవైపు పదార్థాల జాబితా చదవడం మేలు. మొదటి మూడు నాలుగు పేర్లలో అసిటేట్లు, నైట్రోసెల్యులోజ్ కనిపిస్తే అది మామూలు పాలిష్. తర్వాత టోసైలమైడ్/ఫార్మాల్డిహైడ్ రెసిన్ అని ఉంటే 5-ఫ్రీ కాదు, ముందువైపు ఏం రాసినా సరే. అక్రిలేట్, మెథాక్రిలేట్ పేర్లతో మొదలైతే జెల్.

మన దగ్గర చిక్కేమిటంటే 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాల ప్యాకింగ్ మీద పదార్థాల జాబితా వేయడం చట్టప్రకారం తప్పనిసరి కాదు. పాలిష్ సీసాలు 5 నుంచి 15 మిల్లీలీటర్లే. జాబితా వేయకపోయినా తప్పు పట్టలేం. వేసిన కంపెనీదే కొనండి, అంతకన్నా మార్గం లేదు.

శ్రావ్య_బెజవాడ
నా సీసా మీద జాబితా ఉంది. మొదటి పేర్లు అక్రిలేట్ అని, తర్వాత హెమా అని. నైట్రోసెల్యులోజ్ లేదు.

రసాయనం_రావు
అయితే స్వచ్ఛమైన జెల్. అందులో నైట్రోసెల్యులోజ్ లేదు కాబట్టి టోలీన్ ద్రావకం అక్కర్లేదు, డీబీపీ అక్కర్లేదు. జెల్ మీద 10-ఫ్రీ అని రాయడం పెరుగు మీద "గుడ్లు లేవు" అని రాసినట్టు. అడగాల్సిన పేర్లు వేరే. మీరు చెప్పిన హెమా వాటిలో మొదటిది.

అనూష_డెంటల్
హెమా గురించి నేను చెప్తాను, దంతవైద్యంలో దీన్ని రోజూ వాడతాం. పళ్లకి సిమెంట్ అతికించే జిగుర్లలో ఇదే ఉంటుంది. గట్టిపడని హెమా చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ పుడుతుంది, పుట్టిందంటే జీవితాంతం ఉంటుంది. తర్వాత పంటి చికిత్సలోనూ, కీళ్ల మార్పిడిలో వాడే ఎముక సిమెంట్‌తోనూ ఇబ్బంది రావొచ్చు. మామూలు నైట్రిల్ తొడుగులు కూడా దీన్ని కొన్ని నిమిషాలకి మించి ఆపలేవు. యూరప్‌లో 2021 నుంచి హెమా ఉన్న గోళ్ల ఉత్పత్తులు శిక్షణ పొందినవాళ్లే వాడాలని నిబంధన పెట్టారు. ఇంట్లో వాడే కిట్లలో ఇది ఉండకూడదు అక్కడ.

శ్రావ్య, గోరు చుట్టూ చర్మం దురద, చీలికలు, గోరు లేచినట్టు ఉండటం లాంటివి ఉన్నాయా?

శ్రావ్య_బెజవాడ
లేవండీ. చర్మం బాగానే ఉంది.

మిసెస్_గుంటూరు
అయితే హెమా ఫ్రీ అని రాసింది కొంటే సరిపోతుందిగా?

అనూష_డెంటల్
సగం సరిపోతుంది. హెమా తీసేస్తే దాని బంధువర్గంలో ఇంకోటి వేస్తారు. వాటిలో చాలావాటికి కూడా అలర్జీ రావొచ్చు, పైగా హెమాకి పడనివాళ్లకి అవీ పడకపోవచ్చు. అసలు కాపాడేది రెండు విషయాలు. చర్మానికి తగలకుండా వేయడం, పూర్తిగా గట్టిపడేలా చేయడం. ఏ కంపెనీ జెల్‌కి ఆ కంపెనీ చెప్పిన ల్యాంప్ వాడాలని అనేది అందుకే. సరిపడని ల్యాంప్ కింద పైన గట్టిగా కనిపించి లోపల పచ్చిగా మిగిలిపోతుంది.

దీప_డబ్లిన్
ఇక్కడ యూరప్‌లో ఇంకో మార్పు జరిగింది. జెల్‌ని గట్టిపరిచే వెలుతురును పట్టుకునే పదార్థాల్లో టీపీవో అనేదాన్ని 2025 సెప్టెంబర్ 1 నుంచి నిషేధించారు. అమ్మడమే కాదు, సెలూన్లు ఉన్న నిల్వ వాడటానికీ లేదు. జంతువుల మీద పెద్ద మోతాదులో ఇచ్చి చేసిన పరీక్షల్లో సంతానోత్పత్తికి హాని కనిపించిందని కారణం. గోటి మీద వేసే చిన్న మోతాదుకి అంత నిషేధం అవసరమా అని ఇక్కడ సెలూన్ల వాళ్లు వాదిస్తూనే ఉన్నారు.

తేజ_డల్లాస్
అమెరికాలో అలాంటి నిషేధం లేదు. అదే సీసా ఇక్కడ దొరుకుతుంది, అక్కడ దొరకదు.

పార్లర్_పద్మ
ఇక తీసే పద్ధతి. ఇది నానితే వచ్చే జెల్ కోసం మాత్రమే. సీసా మీద "సోక్ ఆఫ్" అని ఉందో లేదో చూడండి శ్రావ్య గారూ. హార్డ్ జెల్ అని ఉంటే ఎంత నానినా రాదు, ఫైల్‌తోనే తీయాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

కావలసినవి: స్వచ్ఛమైన అసిటోన్, 180 గ్రిట్ ఫైల్, దూది, అల్యూమినియం ఫాయిల్, చెక్క పుల్ల, వాసెలిన్. అసిటోన్ 100 మిల్లీలీటర్ల సీసా చాలు, పది వేళ్లకి అందులో పదిహేను ఇరవై మిల్లీలీటర్లకి మించి పట్టదు. నీళ్లు, నూనె కలిపిన సువాసన రిమూవర్ వాడితే సమయం రెట్టింపు అవుతుంది.

ముందు కిటికీలు తీయండి. దీపం, అగరొత్తి, గ్యాస్ పొయ్యి పక్కన వద్దు. అసిటోన్ ఆవిరి గది చల్లగా ఉన్నా అంటుకుంటుంది, నేల వెంట పాకి దూరంలో ఉన్న మంటని కూడా చేరుతుంది. పాలిష్ పట్టించిన చెక్క బల్ల మీద, థర్మోకోల్ ప్లేటులో పెట్టుకోకండి, రెండూ కరుగుతాయి. స్టీలు గిన్నె, గాజు గిన్నె ఏదైనా పర్వాలేదు.

తర్వాత ఫైల్‌తో మెరుపు పోయేదాకా గీయండి. అందరూ దాటేసేది ఈ మెట్టే. పైన వేసే టాప్ కోట్ అన్ని పొరల్లోకి గట్టిది, అసిటోన్‌ని లోపలికి రానివ్వదు. గోరు మొత్తం మసకబారి, రంగు పొడి రాలడం మొదలైతే చాలు, ఆపేయండి. కొనమీద కూడా గీయాలి, అక్కడ టాప్ కోట్ అంచు చుట్టూ మడిచి ఉంటుంది. ఆ పొడి పీల్చకుండా మాస్కు వేసుకోండి, చేతులు దులిపి తుడుచుకోండి.

గోరు చుట్టూ చర్మానికి మాత్రం వాసెలిన్ రాయండి. గోటి మీద పడకూడదు, పడితే అసిటోన్ దిగదు. గోరంత దూది ముక్క తీసుకుని అసిటోన్‌లో ముంచి, కారకుండా పిండి గోటి మీద పెట్టండి. సుమారు ఎనిమిది సెంటీమీటర్ల చదరపు ఫాయిల్‌తో వేలి కొస గట్టిగా చుట్టండి. ఫాయిల్ మెరిసేవైపు లోపలా బయటా అన్న గొడవ అనవసరం, గాలి చొరబడకపోతే చాలు.

పది నుంచి పదిహేను నిమిషాలు. గదిలో ఏసీ ఉంటే ఇంకొంచెం. కావాలంటే చుట్టిన చేతుల మీద గోరువెచ్చని టవల్ కప్పొచ్చు, కానీ హెయిర్ డ్రయ్యర్ వద్దు. పన్నెండో నిమిషంలో ఒక్క వేలు మాత్రమే విప్పి చూడండి. జెల్ ముడతలు పడి, అంచులు లేచి కనిపిస్తే అయినట్టు. అప్పుడు చెక్క పుల్లతో గోరు మొదలు దగ్గర్నుంచి కొసవైపు నెమ్మదిగా తోయండి. దానంతటది జారాలి. పుల్లకి బలం పెట్టాల్సి వస్తే అవలేదని అర్థం, మళ్లీ అసిటోన్ వేసి ఐదు నిమిషాలు చుట్టండి.

మిగతా ఫాయిళ్లు ఒక్కసారిగా విప్పకండి. ఒక వేలు తీసి పుల్లతో తోసేలోపు మిగతా వేళ్ల మీద అసిటోన్ ఆవిరైపోయి, ఉబ్బిన జెల్ మళ్లీ బిగుసుకుంటుంది. ఒక్కొక్కటిగా విప్పాలి. అన్నీ అయ్యాక సబ్బుతో చేతులు కడిగి, కొబ్బరి నూనె పట్టించండి.

నిహారిక
మామూలు పాలిష్, జెల్ తేడా చూడటానికి సులభంగా తెలిసే పద్ధతి ఉందా? లేబుల్ పోయిన సీసాలు నా దగ్గర కొన్ని ఉన్నాయి.

పార్లర్_పద్మ
వేసుకున్న గోటి మీద అసిటోన్ దూది పెట్టి రెండు మూడు క్షణాలు ఆగి తుడవండి. దూదికి రంగు అంటితే మామూలుది. అంటకపోతే జెల్. "జెల్ ఎఫెక్ట్", "జెల్ షైన్" అని రాసి ల్యాంప్ అడగనివన్నీ మామూలు పాలిష్‌లే, వాటిని గంటసేపు ఫాయిల్‌లో చుట్టి గోరు ఎండగట్టకండి. మెరుపు రేకులు ఉన్న పాలిష్ మాత్రం మామూలుదైనా రుద్దితే రాదు, మూడు నాలుగు నిమిషాలు దూది పెట్టి ఉంచాలి.

రసాయనం_రావు
ఒక మినహాయింపు. కొన్ని పాత రకాల్లో నైట్రోసెల్యులోజ్, అక్రిలేట్ రెండూ కలిపి ఉంటాయి. అవి అసిటోన్‌కి త్వరగా వదిలేస్తాయి, రంగు కూడా కాస్త అంటొచ్చు. అందుకే పద్మ గారి పరీక్ష నూటికి నూరు కాదు, కానీ ఇంటి వాడకానికి చాలు.

కిరణ్_కె
మా అమ్మగారికి రేపు ఉదయం ఆపరేషన్. రాత్రే వేళ్లకి ఉన్న జెల్ తీసేయమన్నారు. పార్లర్లు మూసేశారు, ఇంట్లో అసిటోన్ లేదు. బ్లేడుతో గీకేయమంటారా?

అనూష_డెంటల్
బ్లేడు వద్దండీ, గోరు గీరుకుంటే అక్కడ చీము పట్టే అవకాశం ఉంది, ఆపరేషన్ ముందు అది ఇంకా చెడ్డది. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటర్ గోరు గుండా వెలుతురు పంపి చదువుతుంది, గోటి రంగు కూడా చూస్తారు కాబట్టి తీయమంటారు. ఇప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేసి, జెల్ రావట్లేదని చెప్పండి. ఒకటి రెండు వేళ్లు తీసినా సరిపోతుందేమో అడగండి. అదీ కుదరకపోతే చెవికి గానీ, కాలివేలికి గానీ తగిలించే పద్ధతి ఉంటుంది. చెప్పకుండా దాచడం మాత్రం వద్దు.

కిరణ్_కె
ఫోన్ చేశాను. రెండు వేళ్లు చాలన్నారు. పక్కింటావిడ దగ్గర అసిటోన్ దొరికింది. ఆవిడ ఇచ్చింది సీసాలో మూడో వంతే ఉంది, సరిపోతుందా?

పార్లర్_పద్మ
రెండు వేళ్లకి నాలుగైదు మిల్లీలీటర్లు చాలు. ముందు మెరుపు గీకేయడం మర్చిపోకండి, అది చేయకపోతే సీసా అంతా పోసినా రాదు. అమ్మగారు కూర్చుని ఉండగానే చేయండి, అసిటోన్ వాసనకి కడుపులో తిప్పినట్టు అనిపిస్తే కిటికీ దగ్గరికి మార్చండి.

మిసెస్_గుంటూరు
పద్మా, నువ్వు రోజంతా ఆ వాసనలో ఉంటావు కదా, గుడ్డ మాస్కు పెట్టుకుంటావా?

రసాయనం_రావు
ఆ ప్రశ్నకి నేను జవాబిస్తాను. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు పొడిని కొంత ఆపుతాయి, ఆవిరిని అసలు ఆపవు. ఆవిరికి బొగ్గు ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి, లేదా బల్ల పక్కన గాలి బయటికి లాగే ఫ్యాన్ ఉండాలి. పని చేసేవాళ్లకి 3-ఫ్రీ లేబుల్ కన్నా ఆ ఫ్యాన్ ఎక్కువ మేలు చేస్తుంది. రిమూవర్‌లోని అసిటోన్, పాలిష్‌లోని అసిటేట్లు ఏ ఫ్రీ లేబుల్ ఉన్నా గాల్లోకి వస్తూనే ఉంటాయి.

దీప_డబ్లిన్
దీనిమీద నాకు పూర్తిగా ఒప్పుదల లేదు. ఫ్యాన్ ఉన్నా టోలీన్ లేని పాలిష్ ఎంచుకోవడంలో నష్టమేముంది? రెండూ చేయొచ్చుగా.

రసాయనం_రావు
రెండూ చేయొచ్చు. చిన్న పార్లర్లకి రెంటికీ డబ్బు ఉండదు, ఒకటే అంటే ఫ్యాన్ అంటాను. మీరు పాలిష్ అంటారు.

శ్రావ్య_బెజవాడ
పద్మ గారూ, చెప్పినట్టే చేశాను. ఎనిమిది వేళ్లు శుభ్రంగా వచ్చాయి. బొటన వేళ్లు రెండూ మాత్రం కొసలు లేచి, మధ్యలో గుండ్రంగా అతుక్కునే ఉంది. ఇరవై అయిదు నిమిషాలు అయింది. ఇంకొక విషయం, కొన్ని గోళ్ల మీద తెల్ల మచ్చలు కనిపిస్తున్నాయి. గీకినందుకేనా?

పార్లర్_పద్మ
మధ్యలో మిగలడం అంటే అక్కడ టాప్ కోట్ పూర్తిగా గీయలేదు. బొటన వేలి గోరు మధ్యలో కొంచెం ఎత్తుగా ఉంటుంది, ఫైల్ అంచుల మీదే ఎక్కువ ఆడుతుంది. ఆ గుండ్రటి చోట మళ్లీ మెరుపు పోయేదాకా గీసి, ఐదేసి నిమిషాలు రెండుసార్లు చుట్టండి. అప్పటికీ రాకపోతే నానబెట్టడం ఆపండి, పార్లర్లో ఫైల్‌తో తీయించుకోండి. రెండు గంటలు నానబెడితే జెల్ కన్నా ముందు చర్మం ఎండి పగులుతుంది.

మచ్చల సంగతి, కొబ్బరి నూనె పట్టించి కాసేపాగి చూడండి. మాయమైతే అసిటోన్‌కి గోరు ఎండిపోవడం అంతే, రెండు మూడు రోజులు నూనె రాస్తే సర్దుకుంటుంది. నూనె రాసినా అలాగే గరుకుగా ఉంటే ఆ చోట పొర లేచింది. దానికి ఏ క్రీమూ లేదు, పెరిగి కత్తిరించుకుపోవాలి. చేతి గోరు నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి మొదట్నుంచి కొసదాకా రావడానికి దాదాపు ఆరు నెలలు. గోరు పలచగా ఉన్నన్నాళ్లు గట్టిపరిచే హార్డెనర్ మాత్రం వేయకండి, రావు గారు చెప్పిన ఫార్మాల్డిహైడ్ ఉండేది అందులోనే.

శ్రావ్య_బెజవాడ
నూనె రాస్తే చాలావాటికి మాయమయ్యాయి. చిటికెన వేలిది మాత్రం అలాగే ఉంది. మొదట్లో లేచిన అంచు ఉన్నది దానికే.

పార్లర్_పద్మ
ఆ అంచు కింద అప్పటికే పొర కొంచెం లేచుంటుంది. ఆ గోరు పొట్టిగా కత్తిరించి ఉంచండి, ఇంకో రెండు నెలలు దాని మీద జెల్ వేయకండి. మామూలు పాలిష్ వేసుకోవచ్చు, తీసేటప్పుడు మీ గులాబీ రంగు రిమూవర్ దానికి సరిపోతుంది.